మడత కింద దాగిన అక్షరం

మా పిన్ని కొడుకు వాడిన హెల్మెట్ ఒకటి కొనబోతూ నాలుగు ఫొటోలు పంపాడు. "అన్నా, ఇది ఫుల్ ఫేసేనా? మార్కు సరిగ్గా ఉందా?" అని అడిగాడు. కంపెనీ స్టిక్కర్ ఊడిపోయి, దాని చోట జిగురు మరక మిగిలింది.

ముందు నుంచి చూస్తే గడ్డం దాకా మూసుకునే ఉంది. పక్క ఫొటో పెద్దది చేసి చూస్తే గడ్డం భాగానికీ పైడొప్పకూ మధ్య సన్నటి గీత, దాని దగ్గర చిన్న క్లిప్పు కనిపించాయి. అంటే గడ్డం ముక్క విడిగా ఊడొచ్చే రకం. అలాంటివాటిలో ఆ ముక్క దెబ్బ ఆపుతుందో, గాలి మాత్రమే ఆపుతుందో బయటి ఆకారం చెప్పదు. లేబులే చెప్పాలి.

వైజర్ అంచున వృత్తంలో `E` మార్కు, ఒక నంబరు ఉన్నాయి. ఆ నంబరు గడ్డం పట్టీకి కుట్టిన లేబుల్ మీది నంబరుతో కలవలేదు. నకిలీదేమోనని కాసేపు టెన్షన్ పడ్డాను. తర్వాత గుర్తొచ్చింది, వైజర్‌కు ఆమోదం వేరుగా ఇస్తారు. పైగా వైజర్ మార్చేసుకోవచ్చు కాబట్టి, దాని మార్కు చూసి డొప్ప గురించి ఏమీ తేల్చలేం.

పట్టీ లేబుల్ మీద `E3`, కింద `050931/`, ఆ తర్వాత మడత, మడత పక్కన `P-20417`. `E3` అంటే ఆమోదం ఇచ్చిన దేశం ఇటలీ. తయారైంది అక్కడే అని కాదు. మొదటి `05` ఐక్యరాజ్యసమితి 22వ నియమావళిలో ఏ సవరణ శ్రేణి ప్రకారం పరీక్షించారో చెబుతుంది. కొత్తవాటికి `06` ఉంటుంది. చివరి అంకెలు ఆ హెల్మెట్ వరుస నంబరు. మధ్యలో `P` ఉంటే గడ్డం భాగం కూడా రక్షణ ఇచ్చేదని లెక్క. `J` అయితే గడ్డం భాగం లేని రకం.

"బాగానే ఉందిరా" అని టైప్ చేసి కూడా పంపలేదు. లేబుల్ మీది వాలు గీతకూ `P`కీ మధ్య ఒక అక్షరం పట్టేంత జాగా ఆ మడతలోకి పోయింది. "ఆ గుడ్డను చదునుగా లాగి మళ్ళీ ఫొటో తీయించు, లోపలి మెత్త కింద కూడా ఒకటి" అన్నాను.

సాయంత్రం ఫొటోలు వచ్చాయి. మడత విప్పితే `NP`. గడ్డం భాగం రక్షణ ఇవ్వదని దాని అర్థం. మెత్త కింద లేబుల్ మీద దెబ్బల నుంచి గడ్డానికి రక్షణ లేదన్న హెచ్చరిక, సైజు, మోడల్ పేరు ఉన్నాయి. ఆ పేరుతో కంపెనీ మాన్యువల్ వెతికి, గాలి రంధ్రాల వరుస, వైజర్ తిరిగే చోటి మూత ఫొటోలతో పోల్చాను. రెండూ సరిపోయాయి. అంటే హెల్మెట్ నకిలీదని అనుమానించడానికి ఏమీ కనిపించలేదు, కానీ ఫుల్ ఫేస్ మాత్రం కాదు. అది ఎప్పుడైనా గట్టిగా కింద పడిందో లేదో ఏ మార్కూ చెప్పదని కూడా వాడికి చెప్పాను.

వాడు దాన్ని వదిలేశాడు. మొన్న ఇంకో హెల్మెట్ ఫొటో పంపాడు. ఈసారి పట్టీ లేబుల్‌ను బొటనవేలితో చదును చేసి పట్టుకుని, ఈ చివర నుంచి ఆ చివర దాకా కనబడేలా తీశాడు.