ఊటీ నీళ్లకు బెజవాడ కాఫీ పొడి

మా అబ్బాయికి ఊటీ బదిలీ అయ్యాక మేం మొదటిసారి వెళ్లింది డిసెంబరులో. పాతికేళ్లుగా వాడుతున్న స్టీలు ఫిల్టరునీ, బెజవాడలో ఎప్పుడూ కొనే కొట్లో ఆడించిన అరకిలో పొడినీ వెంట తీసుకెళ్లాను. ఆ రెండూ ఉంటే ఎక్కడైనా మన ఇంటి కాఫీయే వస్తుందని నా నమ్మకం.

మర్నాడు పొద్దున దిగిన డికాషన్ చూడ్డానికి నల్లగానే ఉంది. పాలు కలిపి తాగితే మాత్రం పల్చగా, చివర్లో కాస్త పుల్లగా తగిలింది. కోడలు మెల్లిగా, "అత్తయ్యా, పొడి మార్చారా?" అంది. మార్చలేదు. మా పొడిలో ఐదో వంతు చికోరీ. చికోరీ నీళ్లు కాస్త చల్లగా ఉన్నా తేలిగ్గా దిగిపోయి రంగిచ్చేస్తుంది, కాఫీ గింజ అలా దిగదు. అందుకే చికోరీ కలిసిన డికాషన్ని రంగు చూసి నమ్మకూడదని అక్కడే తెలుసుకున్నాను. నోట్లో వేసుకుంటేనే సంగతి బయటపడుతుంది. సరిగ్గా దిగని కాఫీ పుల్లగా, బోలుగా ఉంటుంది. మరీ ఎక్కువ దిగితే చేదెక్కి నాలుక ఎండినట్టవుతుంది.

రెండో రోజు రెండు చెంచాల పొడి ఎక్కువ వేశాను. ఘాటు పెరిగింది, పులుపు కూడా పెరిగింది. మూడో రోజు నీళ్లని పది నిమిషాలు తెర్లనిచ్చాను. ఏమీ మారలేదు. కోడలి దగ్గర వంటింటి థర్మామీటరు ఉంటే ఆ తెర్లే నీళ్లలోనే పెట్టి చూశాం. 92.5 డిగ్రీలు. అది పాడైందేమో అనుకుని ఐసు ముక్కలు నిండుగా వేసిన నీళ్లలో ముంచితే సరిగ్గా సున్నా చూపించింది. తేడా థర్మామీటరుది కాదు, ఊరిది.

సముద్రమట్టం నుంచి బెజవాడ ఎత్తు ఏ 20 మీటర్లో. ఊటీ దాదాపు 2,240 మీటర్లు. పైకి వెళ్లేకొద్దీ నీళ్ల మీద గాలి ఒత్తిడి తగ్గుతుంది, దాంతో తక్కువ వేడికే నీళ్లు ఆవిరై తెర్లడం మొదలుపెడతాయి. ఉజ్జాయింపుగా 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున తగ్గుతుందనుకోవచ్చు. ఒకసారి తెర్లాక మంట ఎంత పెంచినా ఆవిరి పెరుగుతుందే గానీ వేడి పెరగదు. "కుక్కర్లో కాస్తే?" అన్నాడు మా అబ్బాయి. కుక్కర్లో ఉన్నంతసేపూ వేడి ఎక్కువే. మూత తీసేందుకు ఆవిరి వదిలేసరికి ఆ నీళ్లు మళ్లీ 92కే దిగిపోతాయి.

నిజానికి 92 డిగ్రీలు కాఫీకి తక్కువేం కాదు. 90 నుంచి 96 దాకా మంచి వేడి అనే అంటారు. మరి పులుపెందుకు వచ్చిందన్నదే నాకు అంతు చిక్కలేదు. అందుకని నీళ్లు పోసిన వెంటనే ఫిల్టరు పై గిన్నెలో, పొడి మధ్యలోకి థర్మామీటరు దించాను. 77 చూపించింది! ఇంటికొచ్చాక బెజవాడలో అదే ఫిల్టరు, అదే 30 గ్రాముల పొడి, అదే 200 మిల్లీలీటర్ల నీళ్లతో చూస్తే 86. నీళ్లలో తేడా ఏడున్నర డిగ్రీలైతే పొడి దగ్గరికొచ్చేసరికి తొమ్మిదైంది. ఊటీ వంటింట్లో రాత్రంతా ఉన్న స్టీలు ఫిల్టరు మంచులా ఉంటుంది. పోసిన నీళ్ల వేడిలో కొంత ముందు అది తాగేస్తుంది. బెజవాడలోనూ తాగుతుంది, కానీ అక్కడ గిన్నే సగం వెచ్చగా ఉంటుంది, నీళ్లూ వంద డిగ్రీల దగ్గర మొదలవుతాయి కాబట్టి ఆ నష్టం మనకు తెలియదు.

ఇది తెలిశాక మళ్లీ ఊటీ వెళ్లేదాకా ఆగలేదు. బెజవాడలోనే ఊటీని తయారుచేసుకున్నాను. ఫిల్టరుని ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరచి, నీళ్లు తెర్లాక పొయ్యి ఆపి థర్మామీటరు 92 చూపించేదాకా ఆగి పోసేదాన్ని. మొదటి గుక్కలోనే అదే పులుపు పలకరించింది. అంటే పరీక్ష సరిగ్గానే ఉందన్నమాట. ఆ పైన రోజుకొక్క మార్పు చొప్పున చేశాను. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

మొదటి మార్పు ఫిల్టరుని వేడి చేయడం. పొడి వేయకముందే పై గిన్నెనీ కింది గిన్నెనీ తెర్లే నీళ్లతో నింపి, రెండు నిమిషాలాగి పారబోసి, తుడిచి, వెంటనే పొడి వేసి కాఫీ నీళ్లు పోశాను. ఊటీలో చేసేటప్పుడైతే ఆ నీళ్లు పోసే క్షణం దాకా పొయ్యి మీదే ఉండాలి, దింపి పెట్టి మూత వెతుక్కోకూడదు. పొడిలో వేడి 77 నుంచి 85కి వచ్చింది. పులుపు చాలావరకు పోయింది. ఈ ఒక్కటీ చేస్తే సగం కంటే ఎక్కువ పని అయిపోయినట్టే.

ఇంకా కొంచెం పల్చదనం మిగిలింది. ఎక్కువసేపు నాననిద్దామంటే ఫిల్టరులో సమయం మన చేతిలో ఉండదు. నీళ్లు కిందికి దిగిపోయాక గంటసేపు ఉంచినా పొడికీ నీళ్లకీ సంబంధం తెగిపోయినట్టే. దిగే వేగాన్ని తగ్గించాలి, దాన్ని నిర్ణయించేది పొడి మెత్తదనం. మెత్తగా ఉంటే నీళ్లు నెమ్మదిగా దిగుతాయి, గింజలోని సారం కూడా తొందరగా బయటికొస్తుంది. నేను తొందరపడి ఉన్న పొడినే మిక్సీలో వేసి రెండుసార్లు తిప్పాను. కొంత దుమ్మైపోయింది, కొంత రవ్వలాగే ఉండిపోయింది. ఆ దుమ్ము చికోరీతో కలిసి జిగటగా మారి రంధ్రాలు మూసేసింది. నలభై నిమిషాలైనా కింద రెండు చెంచాలు కూడా పడలేదు.

చివరికి కొట్టుకే వెళ్లి సంగతి చెప్పాను. కొట్టాయన మర ఒక్క మెట్టు బిగించి, "అమ్మా, ఇంతకంటే మెత్తగా వద్దు, చికోరీ పట్టేస్తుంది" అని పావుకిలో ఆడించి ఇచ్చారు. పాత పొడి వేళ్ల మధ్య సన్న రవ్వలా తగిలేది. ఇది దానికంటే మెత్తన, కానీ పిండి కాదు, నలిపితే గరుకు తెలుస్తుంది. పాత పొడికి డికాషన్ పన్నెండు నిమిషాల్లో దిగేది, దీనికి పద్దెనిమిది పట్టింది. లోపలి బిళ్లని నొక్కడం మానేసి ఊరికే ఆనించాను. మెత్తటి పొడిని నొక్కితే మళ్లీ మూసుకుపోతుంది. ఇరవై అయిదు నిమిషాలు దాటినా దిగుతూనే ఉందంటే పొడి మరీ మెత్తనైందని లెక్క, అప్పుడు చేదు కూడా తగులుతుంది.

ఫిబ్రవరిలో మళ్లీ ఊటీ వెళ్లాం. పద్దెనిమిది నిమిషాల్లో ఆ చలికి ఫిల్టరు చల్లారిపోతుందని మందపాటి తువ్వాలు చుట్టాను. ఇది బెజవాడలో చేయాల్సిన పని రాలేదు. డికాషన్ ఇరవై నిమిషాలకు దిగింది. చల్లబడ్డ నీళ్లు కాస్త నెమ్మదిగా పారతాయి కాబట్టి ఆ రెండు నిమిషాలు ఎక్కువ పట్టి ఉంటాయి. కోడలు తాగి, "ఇది మన ఇంటి కాఫీ, అత్తయ్యా" అంది. మా వారు ఏమీ అనకుండా రెండో గ్లాసుకి చెయ్యి చాపారు.

తర్వాత అరకు వెళ్లినప్పుడు కూడా ఫిల్టరు పట్టుకెళ్లాను. అక్కడ ఎత్తు 900 మీటర్ల చిల్లర, నీళ్లు 97 దగ్గర తెర్లుతాయి. మెత్తటి పొడి అక్కర్లేకపోయింది. మామూలు పొడితోనే, ఫిల్టరు వేడి చేసి పోస్తే సరిపోయింది.