64 అన్నవారు, 4 అన్నవారు

ఆదివారం. పక్కింటి మిక్సీ ఆగాక పాఠం రికార్డు చేశాను. పదో తరగతికి ఈ వారం వర్గాన్ని పూర్తిచేసే పద్ధతి. వివరణ ఇంట్లో వింటారు, లెక్కలు తరగతిలో చేస్తారు.

వీడియోలో ఒకే లెక్క: x² + 6x − 7 = 0. సూత్రం కంటే ముందు బొమ్మ గీశాను. x భుజంగా చతురస్రం, దాని కుడివైపు 3 వెడల్పున్న పట్టీ, కింద అలాంటిదే ఇంకొకటి. 6xను రెండు పట్టీలుగా పంచితే మూలన ఒక ఖాళీ మిగులుతుంది. "ఇక్కడ వీడియో ఆపండి. ఆ ఖాళీ వైశాల్యం నోటుపుస్తకంలో రాయండి" అన్నాను. 9 అని రాయకుండా ముందుకు పోయేవారు ఎలాగూ ఉంటారు. వారి కోసమే ఉదయం చీటీ.

పీరియడ్ మొదట్లో ఆ చీటీ మీద ఒకే ప్రశ్న: x² + 8x = 9కి రెండువైపులా ఎంత కలపాలి? ఈ ప్రశ్న కుదరడానికే ఎక్కువ సమయం పట్టింది. జవాబు 16. 64 అని రాస్తే 8ని సగం చేయకుండా వర్గం చేశారన్నమాట. 4 అని రాస్తే సగం చేసి ఆగిపోయారు. మూల చతురస్రం భుజాన్నే వైశాల్యం అనుకున్నారు. జవాబు చూస్తేనే ఎవరిని ఏ బల్ల దగ్గర కూర్చోబెట్టాలో తెలిసిపోతుంది. 64 రాసినవారికి కాగితం పట్టీ ఇచ్చి మధ్యకు కత్తిరించమంటాను. 4 రాసినవారు ఖాళీలో గళ్లు గీసి లెక్కపెడతారు.

16 రాసినవారికి పొడవు వెడల్పు కంటే 6 మీటర్లు ఎక్కువ, వైశాల్యం 91 చదరపు మీటర్లు ఉన్న స్థలం లెక్క. (x + 3)² = 100 దాకా సాఫీగానే వస్తారు. x విలువలు 7, −13 అని వచ్చాక −13ను ఎందుకు వదిలేశారో వాక్యంలో రాయాలి. అక్కడ కలాలు ఆగుతాయి.

చివరి పది నిమిషాలకు కావాలనే తప్పుగా చేసిన లెక్క పెట్టాను: x² + 8x + 16 = 9, అంటే x = −1 లేదా −7. రెండింటినీ x² + 8x − 9లో పెట్టి చూస్తే రెండుసార్లూ −16 వస్తుంది, కుడివైపు కలపడం మరిచిన 16 అదే. తప్పు తన కొలత తానే చెప్పే ఇలాంటి లెక్కలు అరుదు.

ఇక ఫోను సంగతి. చాలా ఇళ్లలో ఉన్నది నాన్న ఫోను ఒక్కటే, అది రాత్రికిగాని ఇల్లు చేరదు. అందుకే ఆరు నిమిషాలకు మించనివ్వలేదు, ఫైలు కూడా చిన్నదిగా చేశాను. చూడకుండా వచ్చినవారు వెనక బెంచీలో బడి ట్యాబ్‌లో చూసి లెక్కలకు వస్తారు. వారి కోసం బోర్డు మీద పాఠం మళ్లీ చెప్పను. ఒకసారి చెప్పానంటే మర్నాటి నుంచి ఇంట్లో ఎవరూ చూడరు. చీటీల్లో సగం మందికైనా 16 రాకపోతే మాత్రం బల్లల ఏర్పాటు మానేసి, ఆ రోజుకు అందరిచేతా పట్టీలే కత్తిరిస్తాను. కత్తెరలు ఎన్ని ఉన్నాయో రేపు స్టాఫ్ రూములో అడగాలి.