టిక్కు ముందు, ముక్క తర్వాత

"ఏటి బాబూ ఆ టిక్కు టిక్కు?" ఆర్కే బీచ్‌లో పల్లీలమ్మే మామ్మ అడిగింది. నా చేతిలో క్లిక్కర్, అంటే నొక్కితే టిక్కుమనే చిన్న డబ్బీ. ఎదురుగా మా కుక్క చిట్టి, దానికి పంజా ఎత్తడం నేర్పుతున్నాను.

పిడికిట్లో చికెన్ ముక్క దాచి కింద పెడితే వాసన చూస్తుంది, నాకుతుంది, చివరికి కాలితో గీకుతుంది. పంజా పైకి లేచిన క్షణంలోనే క్లిక్. ముక్క ఆ తర్వాత, వెంటనే, రెండో చేత్తో. పంజా దిగాక నొక్కితే మాత్రం దించినందుకే ముక్క అనుకుంటుంది.

అంతకుముందు ఇంట్లో ఉత్తినే క్లిక్, ముక్క, క్లిక్, ముక్క. శబ్దానికి ఠక్కున తల తిప్పిందంటే అర్థమైనట్టే.

గిర్రున తిరగడం ఇంకా సగమే వచ్చింది. ముక్కు దగ్గర ముక్క పట్టుకుని తోకవైపు తిప్పుతాను. మొదట్లో తల తిరిగితేనే క్లిక్, ఇప్పుడు సగం చుట్టుకు. పూర్తి చుట్టు వచ్చాక ఖాళీ చేత్తో. "తిరుగు" అనే మాట ఆ తర్వాతే.

మామ్మ మాత్రం క్లిక్కర్ లేకుండానే పల్లీలు చూపించింది. చిట్టి అటే పోయింది!