మహర్నవమి నాడు గుర్రానికి పూజ

దేవీ మాహాత్మ్యం రెండో అధ్యాయంలో శివుడు అమ్మవారికి శూలం ఇస్తాడు. విష్ణువు చక్రం, వరుణుడు శంఖం, వాయువు విల్లూ అమ్ములపొదులూ, హిమవంతుడు సింహం ఇస్తారు. మహిషుడి చేతిలో ఓడిపోయిన దేవతలంతా తలా ఒకటి తెచ్చి సమర్పించాకే ఆ తల్లి యుద్ధానికి కదులుతుంది. నవరాత్రుల్లో ఈ భాగం పారాయణ చేసినప్పుడల్లా నాకు హంపీలో మహర్నవమి ఉత్సవం జరిగిన ఎత్తైన రాతి వేదిక, మహానవమి దిబ్బ గుర్తొస్తుంది. విజయనగర రాయలు ఈ ఘట్టాన్నే ఏటా రాజ్యపాలనలోకి దింపారనిపిస్తుంది.

విజయనగరం గురించి రాసిన పోర్చుగీసువాడు నూనిజ్ మాటల్ని బట్టి, రాయల నాయకులు సెప్టెంబరులో ఈ పండగ రోజుల్లోనే రాజధానికి వచ్చి తమ సీమల కప్పం కట్టేవారు. రాబడిలో దాదాపు సగం రాయలకు, మిగతా సగం తమకు. ఆ సగంలోంచే ఇన్ని గుర్రాలు, ఇంత కాల్బలం అని లెక్క ప్రకారం సైన్యాన్ని పోషించాలి. తక్కువ చూపిస్తే సీమ పోతుంది. పండగ చివర ఊరి బయట సైన్యమంతా బారులు తీరి నిలబడేది కాబట్టి, కాగితం మీద గుర్రాలు చూపించడం అంత తేలిక కాదు.

ఇక పూజ సంగతి. 1520 ప్రాంతంలో ఈ ఉత్సవాన్ని కళ్ళారా చూసిన మరో పోర్చుగీసువాడు పేస్, పట్టపుగుర్రం గురించి చాలా ఓపికగా రాశాడు. రెండు గొడుగుల నీడలో దాన్ని ముందు నడిపిస్తారు, మిగతా గుర్రాలు వెనక వస్తాయి. పెద్ద పురోహితుడు పళ్ళెంలో కొబ్బరికాయ, బియ్యం, పూలు పట్టుకుని, నీళ్ళ కుండతో వచ్చినవాళ్ళను వెంటబెట్టుకుని వాటి చుట్టూ తిరుగుతాడు. చివరి రోజు వందల దున్నపోతులు, వేల గొర్రెలు బలి ఇచ్చారని కూడా రాశాడు. ఆ లెక్క చదువుతుంటే నాకైతే ఒళ్ళు జలదరిస్తుంది.

గుర్రానికి అంత మర్యాద ఊరికే కాదు. దక్కనులో మేలుజాతి గుర్రాలు పుట్టవు, తెచ్చినవీ ఎక్కువకాలం నిలవవు. అరేబియా, హొర్ముజ్ నుంచి ఓడల్లో భట్కళ, గోవా రేవులకు రావాల్సిందే. అంతకుముందు విజయనగరాన్ని ఏలిన సాళువ నరసింహుడు దారిలో చచ్చిన గుర్రానికి కూడా, తోక తెచ్చి చూపిస్తే చాలు, డబ్బు ఇచ్చేవాడట. గుర్రాల వర్తకులకు ఊళ్ళు, నగరంలో మంచి ఇళ్ళు, మంచి లాభం ఇచ్చి దగ్గర చేసుకోవాలని ఆముక్తమాల్యద రాజనీతి చెబుతుంది. లేకపోతే అవే గుర్రాలు శత్రువు దగ్గరకు పోతాయి.

శ్రీకృష్ణదేవరాయలకు సరిగ్గా ఇదే టెన్షన్ ఎదురైంది. నూనిజ్ కథనం ప్రకారం, గోవాలో గుర్రాలు కొనమని ఒక వర్తకుడికి 40,000 వరహాలు ఇచ్చి పంపితే, అతను ఆ డబ్బుతో బీజాపూరు ఆదిల్‌షా పంచన చేరాడు. అప్పగించమని కబురు పెట్టినా ఆదిల్‌షా వినలేదు. తుంగభద్రకూ కృష్ణకూ మధ్య నేల కోసం రెండు రాజ్యాలకు తరాల తగాదా ఎలాగూ ఉంది, దానికి ఇది సాకైంది. 1520లో రాయలు రాయచూరు గెలిచాడు.

గుళ్ళు కూడా ఈ అల్లికలోవే. విరూపాక్షుడి ముందు, విఠలుడి ముందు, కృష్ణుడి ముందు ఇరువైపులా రాతి మండపాలతో బారుగా సాగిన అంగడివీధులు ఇప్పటికీ కనిపిస్తాయి. రథం తిరిగిన వీధిలోనే వ్యాపారం సాగింది. ఆ కృష్ణుడు కూడా రాయలు ఉదయగిరి గెలిచినప్పుడు అక్కడినుంచి తెచ్చిన బాలకృష్ణుడే. రాయల శాసనాల చివర సంతకంగా ‘శ్రీ విరూపాక్ష’ అని ఉంటుంది, అంటే రాజ్యం ఆ స్వామిదన్నమాట. హజారరామ ఆలయం ప్రహరీ బయటివైపు చూస్తే ఏనుగుల వరస, దాని పైన గుర్రాలు, ఆ పైన సైనికులు, నాట్యగత్తెలు. మహర్నవమి ఊరేగింపంతా రాముడి చుట్టూ తిరుగుతున్నట్టే ఉంటుంది. వానాకాలమంతా రాముడు ఆగిన మాల్యవంతం కూడా ఆ ఊళ్ళోనే ఉంది. వానలు వెలిసి, ఏరు తగ్గి, దారులు ఆరాకే దండు కదలాలన్నది రాముడికీ రాయలకూ ఒకటే.

పండగ ముగింపులో రాయలు మూడు బాణాలు వేసేవాడని నూనిజ్ రాశాడు. ఒకటి బీజాపూరుకు, ఒకటి గోల్కొండకు, ఒకటి పోర్చుగీసువారికి. ఏది ఎక్కువ దూరం పోతే ఆ ఏడు ఆ దిక్కుకు దండయాత్ర. నిజంగా బాణాన్ని బట్టే యుద్ధం నిర్ణయించేవారంటే నేను నమ్మను. కానీ ఒక్కో శత్రువుకు ఒక్కో బాణం అన్నదాంట్లోనే వాళ్ళ రాజనీతి ఉంది. సుల్తానులు విడివిడిగా ఉన్నంతకాలం అది చెల్లింది. కృష్ణరాయల తర్వాత రాజ్యం నడిపిన ఆయన అల్లుడు అళియ రామరాయలు ఏళ్ళ తరబడి ఒకరి మీదికి మరొకరిని ఉసిగొల్పుతూ నెట్టుకొచ్చాడు. 1565 జనవరిలో తలా ఒక సైన్యం తెచ్చి ఒక్కటైంది అవతలి పక్షం. బీజాపూరు, అహ్మద్‌నగర్, గోల్కొండ, బీదరు కలిసి రాయల దండును చిత్తు చేశాక, ఏడు కోటల రాజధానిని కాపాడేవాళ్ళు లేకపోయారు.

మహర్నవమి మాత్రం ఆగలేదు. 1610లో మైసూరు రాజు రాజ ఒడెయరు శ్రీరంగపట్నంలో ఆ ఉత్సవాన్ని మళ్ళీ ఎత్తుకున్నాడు. ఇప్పుడు మైసూరు దసరాగా మనం చూస్తున్నది దాన్నే. అక్కడ ఇవాళ్టికీ పట్టపుగుర్రానికి, పట్టపుటేనుగుకు పూజ చేస్తారు.