శ్రీకూర్మం శాసనం, రెండు పింగళ సంవత్సరాలు

ఎం.ఏ. హిస్టరీ రెండో ఏడు మధ్యయుగ భక్తి ఉద్యమాల మీద పేపర్ రాయాల్సి వచ్చినప్పుడు నేను మధ్వాచార్యుణ్ణి తీసుకున్నాను. కారణం పెద్దదేమీ కాదు. మాది శ్రీకాకుళం, శ్రీకూర్మం పక్కనే. ఆయన శిష్యుడు నరహరి తీర్థులు వేయించిన శాసనం ఆ గుడిలోనే ఉంది.

మొదటి డ్రాఫ్టులో నా పద్ధతి చాలా తేలిక. నారాయణ పండితాచార్యులు రాసిన మధ్వుడి జీవిత కావ్యం మధ్వవిజయంలో మహిమలు కొట్టేసి, మిగిలింది చరిత్ర అనుకున్నాను. చిన్నప్పుడు మధ్వుడు చింతగింజలిచ్చి తండ్రి అప్పు తీర్చాడని ఒక కథ ఉంది. చింతగింజలు తీసేసి "వాళ్ల కుటుంబం అప్పుల్లో ఉండేది" అని రాశాను. మా సార్ ఆ వాక్యం కింద గీత గీసి, "ఆ అప్పు ఎందుకొచ్చిందమ్మా ఈ కథలోకి? మహిమ చూపించడానికే కదా. మహిమ తీసేశాక అప్పు దేన్ని పట్టుకుని నిలబడుతుంది?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. అలాంటి వాక్యాలు వెతికితే ఆ డ్రాఫ్టులో సగం పోయింది.

రెండోసారి ఒక్క ప్రశ్నే పెట్టుకున్నాను: ఈయన ఏ కాలం వాడు? మధ్వవిజయం రాసినాయన మధ్వుడి శిష్యుడైన త్రివిక్రమ పండితుడి కొడుకు. అంత దగ్గరివాడైనా కావ్యంలో సంవత్సరాలు ఇవ్వలేదు. మఠాల గురుపరంపర జాబితాల్లో మాత్రం మధ్వుడి నిర్యాణం శక 1119, పింగళ సంవత్సరం అని ఉంది. అంటే సా.శ. 1197.

ఇక శాసనం. దాని పాఠం ఎపిగ్రాఫియా ఇండికా 6వ సంపుటంలో ఉంది. సంస్కృత శ్లోకాలు, తేదీ శక 1203, అంటే 1281. నరహరి తీర్థులు యోగానంద నరసింహుణ్ణి ప్రతిష్ఠించిన సందర్భం. అందులో ఆనందతీర్థుల స్తుతి, అంటే మధ్వుడి స్తుతి, ఆ తర్వాత శిష్యుడి వర్ణన. జాబితా నిజమైతే గురువు పోయిన 84 ఏళ్లకు శిష్యుడు గుడి కట్టిస్తున్నాడన్నమాట. ఇరవయ్యో ఏట సన్యాసం పుచ్చుకున్నాడనుకున్నా, అప్పటికి 104 ఏళ్లు. కాబట్టి జాబితా తప్పు.

ఇక్కడే ఆగిపోబోయాను. జాబితాలో ఉన్న "పింగళ" మాత్రం వదల్లేదు. మన సంవత్సరాల పేర్లు 60 ఏళ్లకోసారి తిరిగొస్తాయని ఉగాది పంచాంగం చూసే మా నాన్నమ్మకీ తెలుసు. 1197 పింగళ. 1257 పింగళే. 1317 కూడా పింగళే. మధ్వుడి జననం విళంబిలో అని అణుమధ్వచరితం చెబుతుంది, 1238 విళంబి. 1238 నుంచి 1317 వరకు 79 ఏళ్లు, సంప్రదాయం చెప్పే ఆయుష్షు కూడా అంతే. మఠం వాళ్లు సంవత్సరం పేరు సరిగ్గానే గుర్తుపెట్టుకున్నారు. ఆ తర్వాత ఎవరో దాన్ని శకంలోకి మార్చేటప్పుడు రెండు ఆవృత్తాలు, అంటే 120 ఏళ్లు, వెనక్కి వెళ్లిపోయారు. ఈ వాదన పండితులు ఎప్పుడో చేసిందే గాని, నా లెక్క నేనే వేసుకుని చూసినప్పుడు రాత్రి పదకొండుకి నిద్ర ఎగిరిపోయింది.

అయితే 1238 ఖాయమని రాయలేకపోయాను. మధ్వుడి గ్రంథమే అయిన మహాభారత తాత్పర్య నిర్ణయంలో ఆయన జననం కలి 4300 అని ఉంది, అది 1199. ఆ లెక్కన ఆయన 1278 దాకా ఉంటాడు, శాసనం దానికీ అడ్డు రాదు. అది రౌండ్ ఫిగర్ కనుక ఉజ్జాయింపుగా చెప్పి ఉంటారని కొందరంటారు. శాసనం 1197ని కొట్టేస్తుంది తప్ప, మిగిలిన రెండింట్లో ఏది సరైందో తేల్చదు. పేపర్లో అలాగే రాశాను.

నరహరి కథలో ఇంకో ముక్క ఉంది. ఆయన బాలరాజు తరఫున కళింగాన్ని పాలించి, ప్రతిఫలంగా ఖజానాలోని మూలరాముడు, సీత విగ్రహాలు తీసుకుని గురువుకి ఇచ్చాడని మఠ సంప్రదాయం. శాసనం కళింగ రక్షణ గురించి మాట్లాడుతుంది గాని విగ్రహాల ఊసెత్తదు. అందుకే ఆ కథను 13వ శతాబ్దపు కళింగానికి సాక్ష్యంగా వాడలేదు. తమ పూజలోని విగ్రహాలు ఎక్కడివో మఠం ఎలా చెప్పుకుందో చూపించడానికి వాడాను.

శాసనం రాయి మీద ఉంది కదా అని నమ్మేద్దామంటే, అదీ శిష్యుడు తన గురించి తాను చెక్కించుకున్న స్తుతే. శబరులు శ్రీకూర్మం మీదికి వస్తే కత్తి పట్టి కాపాడాడని అందులో ఉంది. ఆ శబరులు ఇప్పటి సీతంపేట వైపు సవరల పూర్వీకులో కాదో రుజువు లేకుండా అనలేను. వాళ్లు ఎందుకొచ్చారో శాసనం చెప్పదు. వైవాలో ఒక మేడమ్ అడిగింది సరిగ్గా అదే. "వాళ్ల వైపు నుంచి రాసినది నాకు దొరకలేదండీ" అని చెప్పి కూర్చున్నాను.