ఆదివారం, కావలి: నలభై రెండు తప్పులు

ఈ ఉదయం గ్రూప్-2 ప్రిలిమ్స్ నమూనా పరీక్షను ఇంట్లోనే, గడియారం ఎదురుగా పెట్టుకుని రాశాను. 150 నిమిషాల్లో 150 ప్రశ్నలకు గాను 138 గుర్తించగా 96 ఒప్పు, 42 తప్పు అయ్యాయి. ఒక్కో తప్పుకు మూడో వంతు మార్కు పోతుంది కనుక 14 తీసివేస్తే చేతికి వచ్చింది 82.

భోజనం అయ్యాక తప్పుల పుస్తకం తెరిచి, ప్రతి తప్పు పక్కనా ‘ఏ’, ‘అ’, ‘మ’ అని గుర్తులు వేశాను. ఏమరుపాటు, అవగాహన లోపం, మరుపు అనేవి ఆ మూడు గుర్తుల అర్థాలు. జవాబుల పట్టిక చూస్తూ వేసినప్పుడు ఏమరుపాటు 19, అవగాహన లోపం 4, మరుపు 19 వచ్చాయి. ఈ లెక్కను నేను నమ్మలేదు. సరైన జవాబు కళ్ళ ముందున్నప్పుడు ఏ ప్రశ్న అయినా తెలిసినదే అనిపిస్తుంది. అందువల్ల తెలియని విషయం కూడా ఏమరుపాటు కిందికి చేరిపోతుంది.

అందుకే సాయంత్రం నాలుగు గంటలకు ఆ పట్టికను బీరువాలో పెట్టి, ఏమరుపాటు అని గుర్తు వేసిన 19 ప్రశ్నలనూ తెల్ల కాగితం మీద మళ్ళీ చేశాను. ఏ సాయమూ లేకుండా సరిగ్గా వస్తేనే అది ఏమరుపాటు. సూత్రమో సంవత్సరమో ఒక్కటి చూసుకోగానే మిగతాది వచ్చేస్తే మరుపు. సూత్రం చేతిలో ఉన్నా దానిని ఎక్కడ పెట్టాలో తోచకపోతే అవగాహన లోపం. అసలు ఎన్నడూ చదవని అంశాన్ని మరుపు అనడం సరికాదు. అటువంటివి నేను వదిలేసిన 12 ప్రశ్నల్లోనే ఉన్నాయి కనుక వాటిని వేరే పేజీలో రాసుకున్నాను.

నన్ను ఎక్కువసేపు ఆపింది 117వ ప్రశ్న. నూనె ధర 25 శాతం పెరిగితే, ఖర్చు పెరగకుండా ఉండడానికి వాడకాన్ని ఎంత శాతం తగ్గించాలి అని అడిగారు. నేను 25 అని గుర్తించి, దానిని తొందరలో జరిగిన పొరపాటు అని రాసుకున్నాను. తెల్ల కాగితం మీద మళ్ళీ చేసినా 25 అనే వచ్చింది. పక్కన ఇంటర్ పుస్తకంతో కూర్చున్న తమ్ముడు, “అక్కా, ఎందుకు 25 అవుతుందో నాకు మాటల్లో చెప్పు” అన్నాడు, నేను చెప్పలేకపోయాను. అప్పుడు ఇంటి లెక్కతో కట్టి చూశాను. లీటరు 160 రూపాయలు ఉన్నప్పుడు 800 రూపాయలకు ఐదు లీటర్లు వచ్చేవి. ధర 200 అయితే అదే 800కు నాలుగే వస్తాయి. ఐదింటిలో ఒకటి తగ్గింది, అంటే 20 శాతం. పెరిగిన 40 రూపాయలను 160తో పోల్చాలి, తగ్గవలసిన భాగాన్ని మాత్రం 200తో పోల్చాలి. దేనితో పోలుస్తున్నామో ఆ ఆధారం మారుతుందన్న సంగతి నాకు ఇంతవరకు పట్టలేదు. ‘ఏ’ కొట్టివేసి ‘అ’ రాశాను.

ఇలా 19లో ఐదు అవగాహనకూ, మూడు మరుపుకూ వెళ్ళాయి. చివరకు తేలిన లెక్క ఏమరుపాటు 11, అవగాహన లోపం 9, మరుపు 22. మరుపు వైపు వెళ్ళినవాటిలో దేశభాషా పత్రికల చట్టం ఒకటి. 1878లో దానిని తెచ్చింది లిట్టన్, 1882లో రద్దు చేసింది రిప్పన్ అని ఎన్నోసార్లు చదివినా ఇద్దరినీ తారుమారు చేస్తూనే ఉన్నాను.

వచ్చే వారం ప్రణాళికను ఈ లెక్క నుంచే రాశాను. మరుపు 22 కనుక ఎక్కువ గంటలు దానికే ఇవ్వాలనిపిస్తుంది గానీ, ఒకేసారి రెండు గంటలు కూర్చుని చదివితే అవి శనివారానికి నిలవడం లేదని గత నెలలోనే చూశాను. అందువల్ల 22 చీటీలు రాసి, ముందు వైపు ప్రశ్న, వెనుక జవాబు పెట్టి, సోమ, బుధ, శనివారాల్లో తెల్లవారుజామున పావుగంట చొప్పున నన్ను నేనే ప్రశ్నించుకుంటాను. బుధవారం తప్పినవాటికి గురువారం మరోసారి. అసలు గంటలు అవగాహన లోపానికే కేటాయించాను. ఆ 9లో నాలుగు శాతాలకు సంబంధించినవే కనుక మంగళ, గురువారాల సాయంత్రాలు ఆ ఒక్క పాఠానికే ఇస్తాను.

ఏమరుపాటుకు చదువు గంటలు ఇవ్వలేదు, చదివినందువల్ల అది తగ్గదు. అయితే ప్రశ్న సంఖ్యలు వరుసగా రాసి చూస్తే, 11లో ఏడు 110 దాటాక వచ్చినవి, వాటిలో ఐదింట ‘సరికానిది ఏది’ అన్న మాటను ‘సరైనది’గా చదివాను. వచ్చే ఆదివారం 110వ ప్రశ్న దగ్గర అర నిమిషం కలం కింద పెడతాను. ‘సరికానిది’ కనిపించిన ప్రతిచోటా ప్రశ్నపత్రం మీదే దాని చుట్టూ గీత గీసిన తరువాతే ఐచ్ఛికాలు చదువుతాను.

మంగళవారం గడిలో మొదటి పని ఇలా రాసి పుస్తకం మూశాను: “జీతం 20 శాతం తగ్గితే, పాత జీతానికి చేరడానికి ఎంత శాతం పెరగాలో తమ్ముడికి కాగితం లేకుండా చెప్పాలి.”