పాత హార్మోనియం కొన్న కథ: గాలి పరీక్ష, ఆరో వారం వరకు

మొదటి వారం

రామాలయంలో భజనకు వాయించేది మా మాస్టారి పెట్టె. ఇంట్లో సాధనకి నాకంటూ ఒకటి ఉండాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. కొత్తది కొనే స్తోమత లేదు కాబట్టి పాతదే చూద్దామనుకున్నాను. గాలికి కదిలి పలికే ఇత్తడి రీడ్లు రెండు వరసలు, మూడు స్థాయిలకు పైగా మెట్లు, పదివేలలోపు ధర ఉంటే చాలు. స్కేల్ చేంజర్ వద్దని మాస్టారు ముందే చెప్పారు. మెట్ల పలక జరిగే పెట్టెలో గాలి కారే చోట్లు ఎక్కువ, బాగుచేసేవాళ్లు తక్కువ.

మొదటి పెట్టెని బరంపురంలోనే ఒక ఇంట్లో చూశాం. పాలిష్ అద్దంలా మెరుస్తోంది, బయటి తిత్తికి కొత్త గుడ్డ వేసి ఉంది. అమ్మే అతను రెండు పాటలు గట్టిగా వాయించి వినిపించాడు. నాకు నచ్చేసింది. మాస్టారు మాత్రం, "పాట వద్దు బాబూ, ముందు స్టాపర్లన్నీ మూసెయ్యి" అన్నారు.

ఈ పరీక్ష గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మిగతా వాటన్నిటికంటే ముందు చేయాల్సింది ఇదే. మనం చేత్తో ఊపే బయటి తిత్తి గాలిని లోపలి తిత్తిలోకి నెడుతుంది. ఆ లోపలి తిత్తిని స్ప్రింగులు నొక్కుతుంటాయి. స్టాపర్ లాగితేనే గాలి అక్కడినుంచి రీడ్ల దగ్గరికి వెళ్తుంది. అంటే స్టాపర్లన్నీ మూసి, మెట్టు ఏదీ నొక్కకుండా ఊపితే గాలికి పోయే దారి ఉండదు. కొన్ని ఊపులకే తిత్తి బిగుసుకుని చేతికి ఎదురుతిరగాలి. అప్పుడు అరనిమిషం ఆగి మళ్లీ నెట్టాలి. వెంటనే బిగువుగా తగిలితే లోపలి తిత్తి గట్టిగా ఉన్నట్టు. మెత్తగా లోపలికి పోతూనే ఉంటే గాలి ఎక్కడో కారిపోతోంది.

ఆ మెరిసే పెట్టె ఎన్నిసార్లు ఊపినా బిగుసుకోలేదు. బయటి గుడ్డ కొత్తదే, లోపలి తిత్తి పాతది. పై పలక తీసి చూస్తామంటే "స్క్రూలు పట్టేశాయి, తీయకూడదు" అన్నాడు. అంతలోనే "సాయంత్రం ఇంకొకరు వస్తున్నారు, ఇప్పుడే రెండు వేలు అడ్వాన్స్ ఫోన్లో పంపితే ఉంచుతాను" అని తొందరపెట్టాడు. మూత తీయనివ్వకపోవడం, అడ్వాన్స్ కోసం తొందరపెట్టడం, ఈ రెండూ కలిసి కనిపిస్తే అక్కడినుంచి వచ్చేయడం మేలు. మేమూ వచ్చేశాం.

రెండో వారం

పర్లాకిమిడిలో ఒక మామ్మగారి ఇంట్లో పెట్టె ఉందని తెలిసి బస్సెక్కాం. ఆవిడ భర్త ఒకప్పుడు నాటకాలకి హార్మోనియం వాయించేవారట. అటక మీద గుడ్డ చుట్టి ఉంచారు. తొమ్మిది వేలు చెప్పారు.

అడగాల్సినవి కాగితం మీద రాసుకెళ్లాను. చివరిసారి శ్రుతి ఎప్పుడు చేయించారు, ఎక్కడ ఉంచారు, ఎవరు బాగుచేసేవారు, రీడ్లు ఏమైనా మార్చారా, ఎందుకు అమ్ముతున్నారు. అన్నిటికంటే పనికొచ్చిన ప్రశ్న మాస్టారు అడిగారు: "వానాకాలంలో ఏ మెట్లు పట్టేస్తాయమ్మా?" మామ్మగారు ఆలోచించకుండా, "కుడివైపు చివర రెండు, నాయనా. ఆయన వాటి సందులో సుద్దపొడి వేసేవారు" అన్నారు. ఆ పెట్టెతో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లకే అలాంటి జవాబు తెలుస్తుంది. కొని మళ్లీ అమ్మేవాళ్లు అయితే "ఏ ప్రాబ్లమూ లేదు" అనేస్తారు.

స్టాపర్లు మూసి ఊపితే నాలుగో ఊపుకే బిగుసుకుంది. అరనిమిషం తర్వాత కూడా బిగువు అలాగే ఉంది. అంటే లోపలి తిత్తి బాగుంది. తర్వాత ఒకే స్వరాన్ని ఆగకుండా మోగించే డ్రోన్ స్టాపర్లు మూసే ఉంచి రీడ్ల స్టాపర్లు మాత్రం తెరిచాం, మెట్టు నొక్కలేదు. ఈసారి "స్స్" మని సన్నగా చప్పుడు, తిత్తి మెత్తబడింది. మూసినప్పుడు నిలిచిన గాలి తెరిచినప్పుడు కారుతోంది కాబట్టి లోపం మెట్ల కింద ఉంది. ప్రతి మెట్టు కింద ఒక చెక్క బద్ద, దానికి అంటించిన మెత్తని తోలు రీడు రంధ్రాన్ని మూస్తాయి. పై పలక తీసి టార్చి వేసి చూస్తే రెండు మెట్ల తోలుని పురుగు కొరికేసింది. తోలు మార్చడం చిన్న పని. లోపలి తిత్తి మార్చాలంటే పెట్టె అంతా విప్పాలి. అందుకే ఈ రెండు పరీక్షలూ ఈ వరసలోనే చేయాలి.

తర్వాత ఒక్కో వరస విడిగా తెరిచి, ప్రతి మెట్టూ నొక్కి ఫోన్లో ట్యూనర్ యాప్‌తో చూశాను. ఆరు శ్రుతి, అంటే యాప్‌లో A అని చూపే స్వరం, 440 హెర్ట్జ్ దగ్గర ఉండాలి. ఊపు సమానంగా ఉండాలి, ఎందుకంటే గాలి ఒత్తిడి మారితే రీడు శ్రుతి కొంచెం మారుతుంది. అన్ని మెట్లూ ఒకే మేర తగ్గి ఉంటే అది పాత శ్రుతి పెట్టె, ఒంటరిగా వాయించుకోవడానికి ఇబ్బంది లేదు, కానీ కీబోర్డుతో కలవదు. ఈ పెట్టెలో అలా కాదు, మూడు మెట్లు మాత్రమే వేరుగా ఉన్నాయి, మంద్రంలో ఒక రీడు అసలు పలకడం లేదు. రెండు వరసలూ కలిపి తెరిస్తే ఆ మూడింటి దగ్గర స్వరం అలల్లా ఊగుతోంది.

రీడ్ల పలక లేపి చూడటానికి మామ్మగారు ఒప్పుకున్నారు. ఇత్తడి రీడ్ల మీద కొంచెం కిలుం ఉంది, అది సహజం. చూడాల్సింది గీతల కోసం. శ్రుతి పెంచాలంటే కొన దగ్గర, తగ్గించాలంటే మొదలు దగ్గర రీడుని గీస్తారు. మొదలు దగ్గర లోతుగా గీసిన రీడు పలచబడి విరిగిపోవచ్చు. ఇక్కడ ఒక్క రీడు మీదే అలాంటి గీత కనిపించింది. పలకని రీడులో మాత్రం దుమ్ము పోగు ఒకటి ఇరుక్కుని ఉంది. మాస్టారు పలచని కాగితం ముక్కతో తీయగానే పలికింది. మామ్మగారు వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

పలక చెక్కకి చీలిక ఉందా అని కూడా చూశాం. చీలిక ఉంటే, మూసిన వరస కూడా సన్నగా పలుకుతుంది. అలాంటిది కొనకూడదు. ఇక్కడ లేదు.

రెండు తోళ్లకీ, మూడు రీడ్ల శ్రుతికీ ఖర్చవుతుందని చెప్పి ఏడున్నర వేలకి అడిగాను. ఆవిడ ఎనిమిది అన్నారు, సరేనన్నాను. వాయించి చూశాకే డబ్బు ఇచ్చాను. చిన్న కాగితం మీద తేదీ, ధర రాసి ఇద్దరం సంతకం చేశాం.

నాలుగో వారం

బరంపురంలో మిస్త్రీ తోళ్లు మార్చి, మూడు రీడ్లు సరిచేసి పన్నెండు వందలు తీసుకున్నాడు. గీత పడిన రీడుని ముట్టుకోలేదు. అది విరిగిన రోజు మార్చుదాం అన్నాడు.

ఆరో వారం

వానలు మొదలయ్యాయి. మామ్మగారు చెప్పిన ఆ కుడివైపు రెండు మెట్లే పట్టేశాయి. వాటి సందులో సుద్దపొడి వేశాను, లేస్తున్నాయి. స్టాపర్లు మూసి ఊపితే ఇవాళ కూడా నాలుగో ఊపుకే బిగుసుకుంది.